తొంభై రెండు యూనిట్ల గది

డిప్లొమా చివరి సెమిస్టర్‌లో మాకు ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంటుంది. నేను చదివింది ఎలక్ట్రికల్ కాబట్టి, హనుమకొండలో మోటర్లకు రివైండింగ్ చేసే, స్టార్టర్ ప్యానెళ్ళు బిగించే ఒక వర్క్‌షాపులో చోటు దొరికింది. 2024 డిసెంబరు మొదటి వారంలో ఒక సంచి, ఒక బకెట్, అమ్మ కట్టిచ్చిన పప్పుల పొడి డబ్బాతో మంథనిలో బస్సెక్కి, పరకాల మీదుగా వచ్చి హనుమకొండ చౌరస్తాలో దిగాను. షాపు వాళ్ళు నెలకు ఇస్తామన్నది 3,000 రూపాయలు. గోపాలపూర్‌లో నాకు నచ్చిన గది అద్దె 4,000. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే నన్ను ఖానాపూర్ అన్నతో కలిపింది.

అతనిది నిర్మల్ జిల్లా ఖానాపూర్. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఇంటర్న్‌గా చేరాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను భోజనం చేసే మెస్ నడిపే ఆమె, "ఆ పిల్లగాడు కూడా రూము కోసమే తిరుగుతుండు, ఇద్దరు కలిసి తీసుకోరాదు" అని మాట కలిపింది. అతనికి రాత్రి డ్యూటీ. ఎనిమిదింటికి గది నుంచి బయలుదేరితే మర్నాడు ఉదయం ఆరున్నర దాటాక వచ్చేవాడు. నేను ఎనిమిదిన్నరకు షాపుకు వెళ్ళి సాయంత్రం ఆరున్నరకు తిరిగి వచ్చేవాణ్ణి. ఆ లెక్కన గదిలో ఒక్క మంచమే ఉన్నా మాకు ఇబ్బంది కలగలేదు. రాత్రి నేను పడుకున్న మంచం మీదే, నా దుప్పటి మడిచి తన దుప్పటి పరుచుకుని పగలు అతను నిద్రపోయేవాడు. ఒకే గదిలో ఉంటూ ఇద్దరమూ మెలకువగా ఎదురుపడేది రోజుకు మూడున్నర గంటలు కూడా కాదు. తర్వాత జరిగినదంతా ఆ చూడని గంటల వల్లనే జరిగింది.

ఇల్లు రిటైరైన లెక్కల సారుది. కింద సారు, మేము అమ్మ అని పిలిచే ఆయన భార్య ఉండేవారు. మొదటి అంతస్తులో ఒక కుటుంబం అద్దెకు ఉండేది. డాబా మీద నీళ్ళ ట్యాంకులను ఆనుకుని మా గది. మా పేర్లు సారుకు చివరి వరకూ పట్టుబడలేదు, నన్ను మంథని అనీ అతణ్ణి ఖానాపూర్ అనీ పిలిచేవారు. క్రమంగా మేమూ ఒకరినొకరం అలాగే పిలుచుకోవడం మొదలుపెట్టాము. ఒక నెల అద్దె అడ్వాన్సు. నీళ్ళకు వేరే డబ్బు లేదు. కరెంటుకు మాత్రం మెట్ల కింద మా గదికి విడిగా ఉన్న సబ్‌మీటరు ప్రకారం యూనిట్‌కు 10 రూపాయలు. చేరిన రోజున సారు నన్ను కిందికి తీసుకెళ్ళి రీడింగు చూపించి, తన డైరీలో రాసుకుని, "నువ్వు కరెంటు పిల్లగానివే కదా, నువ్వే చూసుకో" అన్నారు. నేను అంకె మాత్రమే చూశాను. ఆ మీటరు నుంచి బయలుదేరిన తీగలు ఎక్కడెక్కడికి పోతున్నాయో చూడలేదు.

జనవరి 5న మొదటి లెక్క వచ్చింది. 92 యూనిట్లు, 920 రూపాయలు. అద్దెలో సగం 2,000 కట్టి, మెస్‌కు కట్టి, షాపు ఇచ్చిన మూడు వేలకు ఇంటి నుంచి వచ్చినది కలిపినా మిగిలేది లేని నాకు ఆ అంకె గుండెలో రాయి పడినట్టు అనిపించింది. గదిలో ఏముందని అన్ని యూనిట్లు? ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను, రెండు ఫోన్ చార్జర్లు, పాత ల్యాప్‌టాప్, చిన్న రైస్ కుక్కర్, ఖానాపూర్ అన్న కొన్న హీటర్ రాడ్డు. అంతే.

చదువుకున్నది ఎందుకూ అనుకుని మెస్ కార్డు వెనుక లెక్క వేశాను. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. రాడ్డు 1,500 వాట్లది, పొద్దున ఇరవై రెండు నిమిషాలు పెడతాడు కాబట్టి రోజుకు 0.55. కుక్కర్ 700 వాట్లది, రోజుకు అరగంట, అంటే 0.35. చలికాలం కాబట్టి ఫ్యాను దోమల కోసం రాత్రి కొన్ని గంటలే తిరుగుతుంది. లైటు, ల్యాప్‌టాప్, చార్జర్లు అన్నీ దానితో కలిపినా 0.6 దాటదు. మొత్తం రోజుకు ఒకటిన్నర, నెలకు 45. మీటరు చూపిస్తున్నది దానికి రెట్టింపు.

తేడా రెండు కారణాల వల్ల రావచ్చు. ఎక్కడో కరెంటు లీకవుతూ ఉండాలి, లేదా ఎవరో చెప్పకుండా వాడుతూ ఉండాలి. మొదటిదాన్ని పరీక్షించడానికి నాకు తెలిసిన పద్ధతి ఉంది. సబ్‌మీటరు ముఖం మీద ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది, దాని పక్కన 3200 imp/kWh అని అచ్చువేసి ఉంటుంది. ఆ దీపం 3,200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్ ఖర్చయినట్టు. గది మొత్తానికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు దించేస్తే అది వెలగకూడదు, వెలిగితే మీటరుకూ గదికీ మధ్యలో ఎవరో తాగుతున్నట్టు. ఒక రాత్రి తొమ్మిదింటికి, ఖానాపూర్ అన్న డ్యూటీకి వెళ్ళాక, ఎంసీబీ దించి వచ్చి మెట్ల కింద పది నిమిషాలు కూర్చున్నాను. ఒక్కసారి కూడా వెలగలేదు. తీగలో లోపం లేదని నిర్ధారించుకున్నాను.

పరీక్ష సరైనదే, పెట్టిన వేళ తప్పు. కానీ ఆ రాత్రి నాకు ఆ సందేహమే రాలేదు. తీగ తప్పు కాదంటే మనిషి తప్పే అయి ఉండాలి. నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, చన్నీళ్ళే పోసుకుంటాను. రాడ్డు అతనిది. పగలంతా గదిలో ఉండేదీ అతనే. నెలకు దాదాపు 47 యూనిట్ల తేడా అంటే రాడ్డు రోజుకు ఇంకో గంటకు పైగా నడిచినట్టు. రాడ్డు పెట్టి అలసటతో నిద్రపోతున్నాడని, లేచాక చెప్పడానికి మొహమాటపడుతున్నాడని నేను ఒక కథ అల్లుకున్నాను. ఆ కథను అతనికి చెప్పకుండా, "అన్నా, వేడినీళ్ళు నువ్వే వాడుతవు కదా, నేను మూడొందలు ఇస్త" అని మాత్రం అన్నాను. అతను నా వైపు ఒకసారి చూసి, ఆరు వందల ఇరవై తీసి బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను.

ఫిబ్రవరి 5న 95 యూనిట్లు వచ్చేసరికి మొహమాటం తెగిపోయింది. మర్నాడు ఉదయం అతను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే, రాడ్డు రోజూ గంట గంటన్నర నడుస్తోందనీ, నా దగ్గర లెక్క ఉందనీ అనేశాను. రాత్రంతా నిలబడి రక్తపు నమూనాలు చూసి వచ్చిన మనిషి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కోప్పడతాడనుకున్నాను. అతను మంచం మీద కూర్చుని అడిగాడు.

"గా బకెట్ల ఎన్ని లీటర్లు పడతయి తమ్మీ?"

"ఇరవై."

"నీ లెక్క ప్రకారం గంటన్నర రాడ్డు పెడితే గా నీళ్ళు ఏమైతయి?"

నేను జవాబు చెప్పకముందే అతనే చెప్పాడు. ల్యాబులో నీళ్ళను ఎంత డిగ్రీలకు ఎంతసేపు వేడిచేయాలో రోజూ చూసేవాడు కాబట్టి అంకెలు అతని నోట్లోనే ఉన్నాయి. పొద్దున ట్యాంకు నీళ్ళు దాదాపు ఇరవై డిగ్రీలు ఉంటాయి. ఒంటికి పోసుకునేది నలభై ఐదు. 1,500 వాట్ల రాడ్డుతో ఇరవై లీటర్లు అక్కడికి చేరడానికి ఇరవై మూడు, ఇరవై నాలుగు నిమిషాలు చాలు. గంట దాటితే ఎనభై డిగ్రీలు దాటుతుంది, గంటన్నరకు బకెట్ మసిలిపోతుంది. "ప్లాస్టిక్ బకెట్ గది. రోజూ మసిలితే ఇట్లనే ఉంటదా? పోయి చూసిరా" అన్నాడు.

నేను నిజంగానే వెళ్ళి చూశాను. ఆ పని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నీలం రంగు బకెట్, అంచు ఎక్కడా వంగలేదు, అడుగు మెత్తబడలేదు, రాడ్డు ఆనే చోట కూడా గీత లేదు. అయినా ఓడిపోయానని ఒప్పుకోవడానికి మనసు రాక, పట్టిక రాద్దామని ప్రతిపాదించాను. గదిలోకి ఎవరు వచ్చినా, గది నుంచి ఎవరు వెళ్ళినా మెట్ల కింద ఆగి రీడింగు చూసి, టైముతో సహా నోట్‌బుక్కులో రాయాలి. ఆ మీటరులో చివర ఎర్రరంగు గడి యూనిట్‌లో పదో వంతును చూపిస్తుంది కాబట్టి చిన్న వాడకం కూడా దాచలేరు. ఇద్దరి కోసం అని పైకి అన్నాను గానీ, అది అతని కోసం పన్నిన వల అని నాకు తెలుసు, అతనికీ తెలుసు. "సరే, రాద్దాం" అన్నాడు. అతని చేతిరాత నా చేతిరాత కంటే బాగుంటుంది. గడులు గీసింది కూడా అతనే.

ఫిబ్రవరి 9 నుంచి వారం రోజులు రాశాము. ఆదివారం మధ్యాహ్నం నేను కూర్చుని ఒక్కో వేళకు సగటు తీశాను. పగలు పది గంటలు, అతను ఒక్కడే గదిలో ఉన్నప్పుడు, 0.2. ఉదయం ఇద్దరమూ ఉన్న గంటా ముప్పావులో, రాడ్డు, కుక్కర్ నడిచినప్పుడు, 0.9. సాయంత్రం ఇద్దరమూ ఉన్నప్పుడు 0.1. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి ఆరూ నలభై ఐదు వరకు, నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు, 2.0.

మళ్ళీ కూడాను. మళ్ళీ అదే వచ్చింది. రోజుకు 3.2 యూనిట్లలో రెండు యూనిట్లు నేను నిద్రపోతున్న గంటల్లో పోతున్నాయి. అతను పక్కనే అన్నం కలుపుకుంటూ నోట్‌బుక్కు వైపు చూశాడు. దొంగను పట్టుకోవడానికి నేను గీయించిన గడులు నన్నే పట్టించాయి. "రాత్రిపూట ఏం చేస్తున్నవు తమ్మీ, మోటర్లు ఇంటికి తెచ్చుకుని చుడుతున్నవా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, అతను ఆ మాటలో అనుకోకుండా జవాబు చెప్పేశాడని కూడా అప్పుడు తట్టలేదు.

ఆ రాత్రి వేరే ప్రయోగం చేశాను. పది గంటలకు రీడింగు చూసి, గదిలో ఎంసీబీ దించేసి, చీకట్లో దోమలతోనే పడుకున్నాను. పన్నెండింటికి లేచి చూస్తే అంకె కదలలేదు. నాలుగింటికి చూస్తే కదలలేదు. నాలుగూ యాభైకి దుప్పటి కప్పుకుని వెళ్ళి మెట్ల కింద చివరి మెట్టు మీద కూర్చున్నాను. ఐదింటికి కింది ఇంటి వంటగదిలో లైటు వెలిగింది. అమ్మ బయటికి వచ్చి, నన్ను చూసి ఉలిక్కిపడి, "ఏమైంది బిడ్డా, గిట్ల కూసున్నవు?" అన్నారు. నిద్ర పట్టలేదని ఏదో చెప్పాను. ఆమె చేయి చాచి, మీటర్ల పక్కన గోడకున్న బోరు స్టార్టర్ డబ్బా పచ్చ బటన్ నొక్కి, వాకిలి చల్లడానికి వెళ్ళిపోయారు.

ఎర్ర దీపం మొదలైంది. మా గది సబ్‌మీటరు మీది ఎర్ర దీపం. గదిలో కరెంటే లేదు, నేనే దించి వచ్చాను, అయినా అది సెకనుకు దాదాపు ఒకసారి చొప్పున టకటకా కొట్టుకుంటోంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి 56. మరోసారి 56, ఇంకోసారి 57. 3,200ను 56తో భాగిస్తే 57 నిమిషాలు. అంటే గంట లోపే ఒక యూనిట్. స్టార్టర్ డబ్బా మీద ఉన్న ఆంపియర్ల ముల్లు ఐదు దాటి కాస్త ముందు నిలబడి ఉంది. ఒక హార్స్‌పవర్ బోరు మోటరు తీసుకునేది సరిగ్గా అంతే, నేను షాపులో రోజూ చూసే అంకె. తాళం చెవి కళ్ళ ముందే ఊగుతుంటే పది వారాలు తలుపు తన్నుతూ గడిపాను.

ఆరూ ముప్పైకి అమ్మ వచ్చి ఎర్ర బటన్ నొక్కారు. దీపం ఆగిపోయింది. గంటన్నరలో 1.5 యూనిట్ల పైచిలుకు.

ఒక సంగతి చెప్పాలి. బోరు మోటరు భూమిలో నీళ్ళ అడుగున ఉంటుంది కాబట్టి దాని చప్పుడు వినపడదు. వినపడేది పైన ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు మాత్రమే. మా గది గోడకు ఆనుకునే ట్యాంకులు ఉండటం వల్ల ఆ ధార చప్పుడు తెల్లవారుజామున నా తలాపునే వినిపించేది. చేరిన మొదటి వారంలో ఇల్లు గుర్తొచ్చి నిద్రపట్టనప్పుడు ఆ చప్పుడుకే కళ్ళు మూతలు పడేవి. మా ఊరి రేవు దగ్గర పడుకున్నట్టు ఉండేది. రోజుకు దాదాపు పదహారు రూపాయలు పెట్టి ఆ జోలపాట కొనుక్కుంటున్నామని నాకు తెలియదు.

ఖానాపూర్ అన్న ఆరూ నలభైకి వచ్చేసరికి నేను ఇంకా ఆ మెట్టు మీదే ఉన్నాను. ఏమి చూశానో చెప్పాను. రాడ్డు గురించి అన్న మాటకు క్షమాపణ కూడా చెప్పాలనుకున్నాను గానీ మాట గొంతులోనే ఆగిపోయింది. అతను స్టార్టర్ డబ్బా నుంచి వచ్చిన నల్ల తీగను కళ్ళతోనే వెంబడించి, అది మా గదికి వెళ్ళే పైపు దగ్గర కొత్త టేపు చుట్టిన చోట కలవడం చూపించాడు. నేను డబ్బా మూత విప్పబోతే చేయి పట్టుకున్నాడు. "ముట్టకు. ఇల్లు మనది కాదు, రేపు ఏం కాలినా మన పేరే వస్తది. సారుకు చూపెడదాం, సారే విప్పిస్తడు." ఆ మాట అతను చెప్పకపోతే నేను విప్పేవాణ్ణే. అప్పుడు సారు ముందు మా వాదన నిలిచేది కాదు.

సారుకు చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. మధ్యలో గది ఖాళీ చేయమంటే ఇద్దరికీ ఇంకో చోట అడ్వాన్సు కట్టే స్థోమత లేదు. చివరికి ఖానాపూర్ అన్నే, "అడగద్దు, ఏదీ అనద్దు, లెక్కపెట్టమందాం" అన్నాడు. లెక్కల సారు కదా. మర్నాడు ఉదయం ఐదున్నరకు, మోటరు నడుస్తుండగా, సారు పాల ప్యాకెట్‌తో వస్తుంటే నేను ఎదురు వెళ్ళి, మీటరు అనుమానంగా ఉందని, ఒక్క నిమిషం చూడమని బతిమాలాను.

"మీ ముందు ఉన్నోళ్ళు రెండేండ్లు ఉన్నరు, ఒక్కనాడు అడగలే" అన్నారు ముందు. అయినా కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆడిస్తూ, పెదవుల మధ్య అంకెలు చెప్పుకుంటూ నిమిషం పాటు లెక్కపెట్టారు. యాభై ఆరు. గదిలో ఎంసీబీ దించి ఉందని పైకి పిలిచి చూపించాము. కిందికి వచ్చి ఆయనే ఎర్ర బటన్ నొక్కారు. దీపం ఆగింది. పచ్చది నొక్కారు. దీపం మొదలైంది. మళ్ళీ ఎర్రది, మళ్ళీ పచ్చది. మూడోసారికి ఆయన ముఖంలో ఇంటి యజమాని పోయి బడిలో నల్లబల్ల ముందు నిలబడే మనిషి కనిపించాడు. "గా ఎలక్ట్రీషియన్ గాడు!" అన్నారు.

జరిగింది ఇది. అంతకుముందు వర్షాకాలంలో, మా ముందు ఉన్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక, బోరు తీగ కాలిపోయింది. పిలిపించిన మనిషి మెయిన్ మీటరు దాకా కొత్త తీగ లాగడం బద్ధకించి, చేతికి అందిన దగ్గరి తీగకు కలిపి వెళ్ళాడు. ఆ దగ్గరి తీగ సబ్‌మీటరు దాటి పైకి వెళ్ళే మాది. సబ్‌మీటరుకు ఎవరి మోటరు, ఎవరి బల్బు అన్న తేడా తెలియదు, తన లోంచి దాటిపోయినదంతా తన ఖాతాలో రాసుకుంటుంది. విద్యుత్తు సంస్థ మనిషి నెలనెలా చదివేది మెయిన్ మీటరును. సబ్‌మీటరు ఇంటివాళ్ళ సొంత వస్తువు. కాబట్టి మొత్తం బిల్లులో తేడా ఏమీ రాలేదు, సారుకు అనుమానం కలిగే అవకాశమూ లేదు. ఇంటి బిల్లు ఎంత రావాలో అంతే వస్తోంది, దానిలో మా వాటా మాత్రం మెల్లగా పెరుగుతోంది.

మర్నాడు వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపి, ఆ ఒక్క తీగను విప్పి సబ్‌మీటరు ముందు వైపుకు మార్చాడు. ఇరవై నిమిషాల పని. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను. తర్వాత మోటరు వేస్తే దీపం నిశ్చలంగా ఉండిపోయింది. ఆ నిశ్చలత్వాన్ని నేను చాలాసేపు చూశాను.

సారు డైరీ తెరిచి లెక్క తానే వేశారు. మేము కట్టిన రెండు బిల్లులు 62 రోజులవి, రోజుకు 1.57 చొప్పున 97 యూనిట్లు, 970 రూపాయలు. మార్చి అద్దెలో తగ్గించుకోమన్నారు. నడుస్తున్న నెలకు కూడా అదే పద్ధతి. నేను అక్కడితో ఆగకుండా, అసలు యూనిట్‌కు పది రూపాయలు ఎందుకు అని అడిగాను. ఖానాపూర్ అన్న నా కాలు తొక్కాడు గానీ అప్పటికే మాట బయటపడింది. 10 రూపాయలు అన్నది గృహ వినియోగంలో నెలకు 800 యూనిట్లు దాటినవాళ్ళకు పడే పై శ్లాబు ధర, ఈ ఇల్లు అంత వాడదు.

సారు కోప్పడలేదు. తన పాత బిల్లు తెచ్చి ఆయన చెప్పిన విషయం నాకు అప్పటివరకు తెలియదు. నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే మొదటి రెండు వందలకూ 5.10 లెక్కన పడుతుంది, ఆ పై యూనిట్‌కు 7.70, మొత్తం 1,027.70. ఇతర చార్జీలు వేరు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందలకు పైనే. "మీ గది లేకుంటే మాది రెండు వందల లోపే ఉంటది. మీరు వాడేది నలభై అయిదైనా, అది నన్ను ఆ గీత దాటిస్తది. గందుకే పది అన్న" అన్నారు. న్యాయమే. అయినా అదే కాగితం మీద నేను 245 యూనిట్ల బిల్లు, 200 యూనిట్ల బిల్లు పక్కపక్కన వేశాను. మొదటిది 1,366.50, రెండోది 820. తేడా 546.50ను మా 45తో భాగిస్తే యూనిట్‌కు పన్నెండు దాటింది! నేను తవ్వుకున్న గోతిలో నేనే దిగబడ్డాను. సారు పెద్దగా నవ్వి, "లెక్క మంచిగనే చేసినవు మంథనీ, పదే ఉండనీ" అన్నారు. మోటరుదంతా కలుపుకుంటే తన సొంత వాడకమే కొన్ని నెలలు 200 దాటుతుందని ఆయనే తర్వాత ఒప్పుకుని, ఏప్రిల్ నుంచి ఎనిమిది చేశారు. అది ఆయన మంచితనం, నా వాదన గెలుపు కాదు.

గదికి వచ్చాక నేను ఖానాపూర్ అన్న చేతిలో 160 రూపాయలు పెట్టాను. జనవరిలో సగం కంటే ఎక్కువగా అతను కట్టినది అంత. అద్దెలో తగ్గే 970 కూడా అతనే తీసుకోవాలని అన్నాను. అతను 160 జేబులో పెట్టుకుని, నోట్‌బుక్కులో 970ని రెండుగా భాగించి 485, 485 అని రాశాడు. "జనవరిల నువ్వు నన్ను అడగలే తమ్మీ. అడిగితే ఆనాడే బకెట్ చూపెడుతుంటి" అన్నాడు. అంతకు మించి ఆ విషయం మా మధ్య రాలేదు. ఆ జనవరిలో అతను ఆసుపత్రి దగ్గర రాత్రి టిఫిన్ మానేసి మెస్ నుంచి రెండు చపాతీలు చుట్టుకుని పోవడం నేను చూశాను. బద్ధకం అనుకున్నాను.

మార్చి మొత్తానికి 46 యూనిట్లు వచ్చాయి. ఎండలు ముదిరి రాడ్డు అటకెక్కింది, దాని బదులు ఫ్యాను పగలూ రాత్రీ తిరగడం మొదలైంది. రీడింగు రాయడం మాత్రం ఇద్దరమూ మానలేదు, అలవాటైపోయింది.

ఏప్రిల్ మధ్యలో ఖానాపూర్ అన్నకు పగటి డ్యూటీ వేశారు. ఇద్దరమూ రాత్రి గదిలోనే పడుకోవలసి వచ్చేసరికి ఒక్క మంచం చాలలేదు. నేను చాప కొనుక్కొచ్చి కింద పరుచుకున్నాను. మొదటి రాత్రి తెల్లవారుజామున అతను ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. నాలుగున్నర నెలలు ఆ గదిలో ఉన్నా, ఆ వేళకు అతను ఎప్పుడూ అక్కడ లేడు.

"తమ్మీ, ఎక్కడనో నీళ్ళు పడుతున్నయి."

"పడనీ అన్నా" అన్నాను, దుప్పటి తలమీదికి లాక్కుంటూ. "మన మీటరుయి కావు."